కుర్తీ ఫొటోను మోడల్‌కు తొడిగితే డిజైన్ ఎందుకు మారుతోంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

బట్టల షాపులకు, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు కేటలాగ్ ఫొటోలు చేసిపెట్టడం నా పని. కుర్తీని పరిచి తీసిన ఫొటో ఒకటి, మోడల్ ఫొటో ఒకటి ఇస్తే, ఆ కుర్తీ ఆమె వేసుకున్నట్టు ట్రై-ఆన్ మోడల్ అనే AI ప్రోగ్రాంతో బొమ్మ తయారుచేస్తాను. ఈ పనిలో ఎక్కువ నష్టం తెచ్చే అపోహ ఒకటుంది. నా ఓపికంతా దానికే ఖర్చవుతోంది.

అపోహ: AI బట్టను ఉన్నదున్నట్టు కాపీ చేసి ఒంటిమీద అతికిస్తుంది.

అతికించదు, చూసి మళ్లీ గీస్తుంది. 2018 ప్రాంతంలో వచ్చిన పద్ధతులు బట్ట బొమ్మనే సాగదీసి, వంచి ఒంటికి తగిలించేవి. డిజైన్ కొంత నిలిచేది గానీ చొక్కా స్టిక్కర్‌లా కనిపించేది. ఇప్పటి IDM-VTON, CatVTON లాంటివి డిఫ్యూజన్ మోడళ్లు, అంటే చుక్కల గందరగోళం నుంచి బొమ్మను మెల్లగా తేల్చి గీసేవి. మడతలు, నీడలు బాగా వేస్తాయి. కానీ గీసేముందు ఫొటోను కుదించుకుంటాయి. ఎనిమిది పిక్సెళ్ల పొడవు, ఎనిమిది పిక్సెళ్ల వెడల్పున్న చదరం వాటికి ఒక్క గడి. అంతకంటే సన్నని వివరం వచ్చిందంటే చాలావరకు ఊహించి వేసిందే.

పెడన కలంకారీ కుర్తీలు అమ్మే ఒకావిడ విషయమే చూడండి. "తమ్ముడూ, ఫొటోలో పువ్వుకు ఐదు రేకులున్నాయట, కుర్తీలో ఎనిమిదున్నాయట, వెనక్కి పంపేస్తున్నారు" అని టెన్షన్ పడుతూ ఫోన్ చేసింది. ఆ బొమ్మ ఆమె వేరేచోట చేయించుకున్నది. సైజు 768×1024, మోడల్ తల నుంచి పాదం దాకా ఉంది. మనిషి ఎత్తు 160 సెంటీమీటర్లు, ఫొటోలో సుమారు 960 పిక్సెళ్లు. అంటే సెంటీమీటరుకు ఆరు పిక్సెళ్లు. ఒకటిన్నర సెంటీమీటర్ల పువ్వుకు తొమ్మిదే దక్కుతాయి, గడి ఒకటికి కాస్త ఎక్కువ. అందులో ఎనిమిది రేకులు ఎక్కడ పడతాయి? మెడ చుట్టూ ఉన్న పైకుట్టులో ఒక్కో కుట్టు మూడు మిల్లీమీటర్లు, రెండు పిక్సెళ్లు కూడా రాదు. అది కరిగిపోయి మెడ నున్నగా వచ్చింది. ఇంకో తమాషా ఏంటంటే, చేతి అచ్చు పక్కపక్కనే పడ్డచోట అతుకు కాస్త తప్పుతుంది కదా, AI దాన్ని కూడా సర్దేసింది. చూడ్డానికి మిల్లు ప్రింటులా అయింది. కలంకారీ తెలిసినవాళ్లకు ఇదే ముందు అనుమానం తెస్తుంది.

నేను చేసింది ఇది. మెడ నుంచి నడుము దాకా, సుమారు 60 సెంటీమీటర్లు మాత్రమే కత్తిరించుకుని ఆ ముక్కనే 1024 ఎత్తులో నడిపాను. సెంటీమీటరుకు 17 పిక్సెళ్లయ్యాయి, పువ్వుకు పాతిక. ఆకారం నిలబడింది. ముక్కను పెద్ద ఫొటోలో తిరిగి కూర్చాను. అయినా కుట్టుకు ఐదు పిక్సెళ్లే, గీతలా వస్తుంది తప్ప కుట్టుకుట్టూ విడిగా రాదు. అందుకని మెడపట్టీని అసలు ఫొటో నుంచే తెచ్చి చేత్తో కూర్చాను. ఛాతీ భాగంలో AI ఇచ్చిన మడతలు, నీడలు మాత్రమే ఉంచుకుని, అసలు ప్రింటును ఫొటోషాప్‌లో డిస్‌ప్లేస్ ఫిల్టర్‌తో ఆ మడతల వెంట వంచి, మల్టిప్లై మోడ్‌లో పైన పరిచాను. చంకల దగ్గర, బట్ట పక్కకు తిరిగేచోట ఇది కుదరదు. అక్కడ AI గీసిందే ఉంచేశాను, కొనేవాళ్ల చూపు ఎలాగూ ఎదురుగా ఉన్నదాని మీదే పడుతుంది.

ఏ బొమ్మనైనా బయటికి పంపేముందు అసలు ఫొటోను పక్కన పెట్టి, గుండీల పట్టీ నుంచి పక్క కుట్టు దాకా వరసలో పువ్వులు లెక్కపెట్టండి. మడతలో దాగినవి పోను మిగిలినవి సరిపోకపోతే, అది మీ కుర్తీ కాదు.

అపోహ: చివర్లో అప్‌స్కేల్ చేస్తే, అంటే బొమ్మ సైజు పెంచితే, అన్నీ తిరిగొస్తాయి.

రావు. పోయినదాన్ని అది తేలేదు. ఐదు రేకుల తప్పు పువ్వునే అంచులు పదునుపెట్టి మరీ చూపిస్తుంది.

అపోహ: ప్రాంప్ట్‌లో "ఎనిమిది రేకుల పువ్వు" అని రాస్తే చాలు.

ఈ మోడళ్లు డిజైన్‌ను తీసుకునేది ఫొటో నుంచి. CatVTON కైతే ప్రాంప్టే అక్కర్లేదు. ఆ టైమేదో మంచి ఫొటో తీయడానికి పెట్టండి. బట్టను ఇస్త్రీ చేసి, సమంగా పరిచి, కిటికీ వెలుతురులో తీయండి. మడత నీడలుంటే వాటినీ ప్రింటే అనుకుంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

సగం అపోహ, సగం నిజం: మోడల్ మొహం కూడా మారిపోతుంది.

దీని గురించి భయపడేవాళ్లది తప్పేం కాదు, కొన్నిచోట్ల నిజంగానే మారుతోంది. బట్ట మార్చాల్సిన భాగాన్నే మాస్క్‌తో గుర్తుపెట్టి ఇచ్చినా, మిగతా బొమ్మ కూడా అదే కుదింపు గుండా వెళ్లి వస్తుంది కాబట్టి కళ్లు, పళ్లు కాస్త చెదురుతాయి. మాస్క్ బయట ఉన్న భాగాన్ని అసలు ఫొటో నుంచి తీసి మళ్లీ పైన పెట్టేస్తే సరిపోతుంది. మీ ఫొటోలు చేసేవాళ్లు ఆ పని చేస్తున్నారో లేదో అడగండి.