ప్రభుత్వం అప్పు చేస్తే ప్రైవేటు పెట్టుబడి ఎంత తగ్గుతుంది? ఐఎస్-ఎల్ఎం నమూనాపై అపోహలు, వాస్తవాలు

స్థూల ఆర్థికశాస్త్రాన్ని చాలాకాలంగా బోధిస్తున్నాను. విస్తరణ కోశ విధానం అనే పాఠం దగ్గరకు వచ్చేసరికి ప్రతి ఏటా అవే కొన్ని పొరపాట్లు జవాబు పత్రాల్లో కనిపిస్తుంటాయి. వార్తల చర్చల్లోనూ అవే వినిపిస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం క్రౌడింగ్ అవుట్ అనే భావన చుట్టూ అల్లుకున్నవే. ప్రభుత్వ వ్యయం పెరిగినప్పుడు వడ్డీరేటు పెరిగి, దానివల్ల ప్రైవేటు పెట్టుబడి కొంత వెనక్కు తగ్గడాన్ని క్రౌడింగ్ అవుట్ అంటారు. ఆ ‘కొంత’ ఎంత అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న. దానికి జవాబు ఐఎస్-ఎల్ఎం నమూనాతో వెతుకుదాం. వస్తువుల మార్కెట్ సమతౌల్యంలో ఉండే వడ్డీరేటు, ఉత్పత్తి జతలను ఐఎస్ రేఖ చూపుతుంది, ద్రవ్య మార్కెట్ సమతౌల్యంలో ఉండే జతలను ఎల్ఎం రేఖ చూపుతుంది.

ముందుగా పదాల విషయం ఒకటి చెప్పాలి. ప్రభుత్వ ఆదాయ వ్యయాలకు సంబంధించినది కోశ విధానం, కేంద్ర బ్యాంకు నడిపేది ద్రవ్య విధానం. పత్రికలు మాత్రం ప్రభుత్వ లోటును ‘ద్రవ్యలోటు’ అని రాస్తాయి. ఈ ఒక్క మాట వల్లనే చాలామంది విద్యార్థులు ప్రభుత్వ వ్యయం పెరిగిందనగానే ఎల్ఎం రేఖను జరిపేస్తారు. జరగవలసింది ఐఎస్ రేఖ. గందరగోళం రాకుండా ఇక్కడ కోశ లోటు అనే మాటనే వాడతాను.

మాటలకంటే అంకెలు ఈ విషయాన్ని తేటగా చూపిస్తాయి కాబట్టి ఒక చిన్న ఊహాత్మక ఆర్థిక వ్యవస్థను తీసుకుందాం. విలువలన్నీ వేల కోట్ల రూపాయల్లో ఉన్నాయనీ, వడ్డీరేటు r శాతంలో ఉందనీ అనుకుందాం. ధరల మట్టం స్థిరం. Y ఉత్పత్తి లేదా ఆదాయం, C వినియోగం, I ప్రైవేటు పెట్టుబడి, G ప్రభుత్వ వ్యయం, T పన్నులు, M/P ద్రవ్య సప్లయ్ నిజ విలువ.

```
C = 300 + 0.8 (Y - T)
I = 600 - 20 r
G = 600,  T = 500
M/P = 800 = 0.2 Y - 40 r

IS:  Y = 5500 - 100 r
LM:  Y = 4000 + 200 r
```

రెండు రేఖలూ కలిసేచోట వడ్డీరేటు 5 శాతం, ఉత్పత్తి 5000. అప్పుడు వినియోగం 3900, ప్రైవేటు పెట్టుబడి 500, ప్రభుత్వ వ్యయం 600. ఇప్పుడు ప్రభుత్వం పన్నులు పెంచకుండా, బాండ్లు అమ్మి తన వ్యయాన్ని 120 పెంచిందనుకుందాం. ఉపాంత వినియోగ ప్రవృత్తి, అంటే అదనపు ఆదాయంలో వినియోగానికి పోయే వాటా, 0.8 కనుక గుణకం 5. అంటే వడ్డీ మారకపోతే వ్యయం ఒక రూపాయి పెరిగినప్పుడు ఉత్పత్తి ఐదు రూపాయలు పెరుగుతుంది. ఐఎస్ రేఖ కుడివైపునకు 600 జరిగి Y = 6100 - 100 r అవుతుంది. కొత్త సమతౌల్యంలో వడ్డీరేటు 7 శాతం, ఉత్పత్తి 5400. గుణకం ఒక్కటే చూసుకుంటే ఉత్పత్తి 5600 కావాలి, కానీ 5400 దగ్గరే ఆగింది. వడ్డీరేటు రెండు శాతం పాయింట్లు పెరగడంతో పెట్టుబడి 500 నుంచి 460కి తగ్గింది. ఆ 40 తగ్గుదలకు కూడా గుణకం వర్తించి 200 ఉత్పత్తి రాకుండా పోయింది.

అపోహ: ప్రభుత్వం ఒక రూపాయి అప్పు తీసుకుంటే ప్రైవేటు రంగానికి ఒక రూపాయి తగ్గుతుంది.

దేశంలోని పొదుపు మొత్తం ఒక కుండలో పోసిన నీళ్లలా ముందే కొలత కట్టి ఉందనీ, ప్రభుత్వం ఎంత తోడుకుంటే ఇతరులకు అంత తగ్గుతుందనీ భావించడం ఈ అపోహకు మూలం. పై ఉదాహరణలో కోశ లోటు 100 నుంచి 220కి, అంటే 120 మేరకు పెరిగింది. పెట్టుబడి మాత్రం 40 మాత్రమే తగ్గింది. మిగిలిన 80 ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రజల పొదుపును లెక్క కట్టి చూడండి. మొదట్లో ఆదాయం 5000లో పన్ను 500, వినియోగం 3900 పోగా పొదుపు 600. అది 500 పెట్టుబడికీ, 100 కోశ లోటుకూ సరిపోయింది. తరువాత ఆదాయం 5400లో పన్ను 500, వినియోగం 4220 పోగా పొదుపు 680. అది 460 పెట్టుబడికీ, 220 లోటుకూ సరిపోయింది. ప్రభుత్వ వ్యయం వల్ల ఆదాయం పెరిగింది, పెరిగిన ఆదాయం నుంచి కొత్త పొదుపు పుట్టింది. అదనపు అప్పులో మూడింట రెండు వంతులను ఆ కొత్త పొదుపే భరించింది. పొదుపు అనేది ఆదాయంతోపాటు మారే రాశి అన్న సంగతిని మరిచిపోతే ఈ నమూనా మొత్తం చేజారిపోతుంది.

అపోహ: ప్రభుత్వ బాండ్లు మార్కెట్‌లోని డబ్బును లాగేసుకోవడం వల్ల వడ్డీరేటు పెరుగుతుంది.

వినడానికి సబబుగానే ఉన్నా ఐఎస్-ఎల్ఎం చెప్పే కారణం ఇది కాదు. బాండ్లు అమ్మి ప్రజల నుంచి తీసుకున్న డబ్బును ప్రభుత్వం అట్టే ఉంచుకోదు. జీతాలుగా, కాంట్రాక్టర్ల బిల్లులుగా అది మళ్లీ ప్రజల ఖాతాల్లోకే చేరుతుంది. ద్రవ్య సప్లయ్ 800 దగ్గరే ఉంటుంది, అందువల్ల ఎల్ఎం రేఖ కదలదు.

వడ్డీరేటును పెంచేది ద్రవ్య డిమాండ్. ఆదాయం పెరిగితే రోజువారీ వ్యవహారాలకు జనం చేతిలో ఉంచుకోదలచే డబ్బు కూడా పెరుగుతుంది. ఉత్పత్తి 5600కి చేరి వడ్డీ 5 శాతం దగ్గరే ఉంటే ద్రవ్య డిమాండ్ 920 అవుతుంది, కానీ ఉన్నది 800. కావలసిన డబ్బు కోసం జనం తమ దగ్గరున్న బాండ్లను అమ్మజూపుతారు, బాండ్ల ధరలు పడిపోతాయి, వడ్డీరేటు పెరుగుతుంది. పెరిగిన వడ్డీ ఒకవైపు డబ్బును ఖాళీగా ఉంచుకోవడాన్ని తగ్గిస్తుంది, మరోవైపు పెట్టుబడిని తగ్గించి ఆదాయాన్ని కొంత వెనక్కు లాగుతుంది. 7 శాతం దగ్గర డిమాండ్ మళ్లీ 800కి వచ్చి నిలుస్తుంది. అంటే ఈ నమూనాలో ధరలూ ద్రవ్య సప్లయ్ మారకుండా ఉన్నప్పుడు, ఉత్పత్తి పెరగాలనే ఒత్తిడే వడ్డీ పెరగడానికి కారణం.

అపోహ: క్రౌడింగ్ అవుట్ ఎప్పుడూ పూర్తిగా ఉంటుంది, లేదా అసలు ఉండదు.

రెండు వర్గాలవారూ ఒక ప్రత్యేక సందర్భాన్ని పట్టుకుని దాన్నే సాధారణ సూత్రంగా చెబుతుంటారు. అదే ఐఎస్ రేఖను, అదే 120 వ్యయాన్ని ఉంచి, ప్రారంభ సమతౌల్యం కూడా మారకుండా ఎల్ఎం రేఖ వాలును మాత్రమే మార్చి చూద్దాం. వడ్డీ ఒక శాతం పెరిగితే ద్రవ్య డిమాండ్ 40కి బదులు 10 మాత్రమే తగ్గేటట్లయితే (ప్రారంభంలో అదే సమతౌల్యం రావడానికి ద్రవ్య సప్లయ్ 950 అనుకోవాలి) ఎల్ఎం నిటారుగా మారుతుంది. అప్పుడు వడ్డీ 9 శాతానికి చేరుతుంది, ఉత్పత్తి 5200 అవుతుంది, పెట్టుబడి 80 తగ్గుతుంది. ద్రవ్య డిమాండ్ వడ్డీకి ఏమాత్రం స్పందించకపోతే ఎల్ఎం నిలువు గీత అవుతుంది, ఉత్పత్తి 5000 దగ్గరే ఉండిపోతుంది, వడ్డీ 11 శాతానికి పోతుంది, పెట్టుబడి సరిగ్గా 120 తగ్గుతుంది. ధరలు స్థిరంగా ఉన్నంతవరకు, ఈ ఉదాహరణలో రూపాయికి రూపాయి అన్న మాట నిజమయ్యేది ఈ ఒక్క సందర్భంలోనే.

రెండో కొసన, కేంద్ర బ్యాంకు వడ్డీని 5 శాతం దగ్గరే నిలపాలని నిర్ణయించుకుని ద్రవ్య సప్లయ్‌ని 800 నుంచి 920కి పెంచితే, ఉత్పత్తి 5600కి చేరుతుంది, పెట్టుబడి ఒక్క రూపాయి కూడా తగ్గదు. ద్రవ్యత్వపు వలలో, అంటే వడ్డీ బాగా తక్కువగా ఉండి జనం ఎంత డబ్బునైనా చేతిలోనే ఉంచుకోవడానికి సిద్ధపడే స్థితిలో, చిక్కుకున్న ఆర్థిక వ్యవస్థలోనూ ఫలితం ఇలాగే ఉంటుంది, అయితే అక్కడ కేంద్ర బ్యాంకు ఏమీ చేయనక్కరలేదు. ఐఎస్ వాలుకూ ఇందులో పాత్ర ఉంది. పెట్టుబడి వడ్డీకి ఎంత ఎక్కువగా స్పందిస్తే క్రౌడింగ్ అవుట్ అంత ఎక్కువ. ఆచరణలో మాత్రం నేను మొదట చూసేది కేంద్ర బ్యాంకు వైఖరినే.

అపోహ: ఈ ఫలితాలు ఎంతకాలమైనా అలాగే నిలుస్తాయి.

నమూనాలో ధరలు స్థిరమని మొదటే అనుకున్నాం. ఉత్పత్తి సామర్థ్యం 5000 దగ్గరే అయిపోయిన ఆర్థిక వ్యవస్థలో 5400 నిలబడదు. ధరలు పెరుగుతాయి, ద్రవ్యం నిజ విలువ తగ్గుతుంది, ఎల్ఎం క్రమంగా ఎడమకు జరుగుతుంది. మన ఉదాహరణలో M/P 800 నుంచి 560కి పడిపోయేవరకు, అంటే ధరలు సుమారు 43 శాతం పెరిగేవరకు ఇది సాగుతుంది. చివరికి ఉత్పత్తి 5000కి, వడ్డీ 11 శాతానికి చేరతాయి. స్వల్పకాలంలో పాక్షికంగా ఉన్న క్రౌడింగ్ అవుట్ దీర్ఘకాలంలో సంపూర్ణమవుతుంది.

ధరల ఒత్తిడి కనబడగానే కేంద్ర బ్యాంకే ముందుకొచ్చి ఎల్ఎం‌ను ఎడమకు జరపడమూ ఉంది. 1990 అక్టోబరులో జర్మనీ ఏకీకరణ తరువాత తూర్పు ప్రాంతం కోసం ప్రభుత్వ వ్యయం భారీగా పెరిగింది. ద్రవ్యోల్బణాన్ని అదుపు చేయడానికి జర్మనీ కేంద్ర బ్యాంకు అయిన బుండెస్‌బ్యాంక్ తన డిస్కౌంట్ రేటును 1992 జూలై నాటికి 8.75 శాతానికి తీసుకువెళ్లింది. ఆ వడ్డీ పెరుగుదల మొత్తాన్నీ క్రౌడింగ్ అవుట్ కింద రాసేవారున్నారు. అందులో కొంత ఐఎస్ కదలిక వల్ల, కొంత కేంద్ర బ్యాంకు బిగింపు వల్ల వచ్చింది. రెండింటినీ విడదీసి చూడాలి.

అపోహ: లోటు అంకె చూస్తే వడ్డీరేటు ఎటు పోతుందో చెప్పవచ్చు.

మన దేశపు అనుభవమే దీనికి సమాధానం. 2020-21లో కేంద్ర ప్రభుత్వ కోశ లోటు జీడీపీలో 9.2 శాతానికి చేరింది. బడ్జెట్‌లో అనుకున్నది 3.5 శాతమే. కుండ సిద్ధాంతం ప్రకారం వడ్డీలు మండిపోవాలి. కానీ ఆ ఏడాది కేంద్రం తీసుకున్న మార్కెట్ రుణాల సగటు వ్యయం 5.79 శాతం, 17 ఏళ్లలో అతి తక్కువ. లాక్‌డౌన్ వల్ల ప్రైవేటు వినియోగం, పెట్టుబడి కుప్పకూలి ఐఎస్ అప్పటికే ఎడమకు జరిగిపోయింది. ప్రభుత్వ వ్యయం దాన్ని కొంతమేరకు మాత్రమే వెనక్కు తెచ్చింది. అదే సమయంలో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును 2020 మే నాటికి 4 శాతానికి తగ్గించింది, నగదు నిల్వల నిష్పత్తిని 4 నుంచి 3 శాతానికి దించింది, బహిరంగ మార్కెట్ కార్యకలాపాల ద్వారా నికరంగా మూడు లక్షల కోట్ల రూపాయలకు పైగా ప్రభుత్వ సెక్యూరిటీలను కొన్నది. ఎల్ఎం కుడివైపునకు జరగడమంటే ఇదే.

2022-23కి వచ్చేసరికి లోటు 6.4 శాతానికి తగ్గింది. అయినా రుణాల సగటు వ్యయం 7.32 శాతానికి పెరిగింది. ఆర్థిక కార్యకలాపాలు కోలుకున్నాయి, ద్రవ్యోల్బణం 6 శాతం పరిమితిని దాటింది, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. నా విద్యార్థుల చేత ఈ రెండు సంవత్సరాలనూ ఒకే పటం మీద గీయిస్తాను. లోటు తగ్గిన ఏడాదిలో వడ్డీ పెరిగిందేమిటని వారు అడిగినప్పుడు, ఆ ఏడాదిలో కదిలిన రేఖలు ఏవో, ఏ వైపునకో ముందు రాయమంటాను.