పక్షులు డైనోసార్లే: ఈకలు, వేడి రక్తంపై అపోహలు - వాస్తవాలు

శిలాజ ఎముకల్ని కోసి, పలుచగా అరగదీసి, మైక్రోస్కోపు కింద చూడటం నా పని. ఏం చేస్తుంటారని అడిగినవాళ్లకు ఈ మాట చెప్పగానే రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "పక్షులు డైనోసార్ల నుంచే వచ్చాయట కదా, నిజమేనా?" నిజమే. ఇంకాస్త కచ్చితంగా చెప్పాలంటే, పక్షులు డైనోసార్లలోనే ఒక శాఖ. 6.6 కోట్ల ఏళ్ల క్రితం మిగతా శాఖలన్నీ పోయాయి, ఇదొక్కటి బతికింది. ఇంతవరకూ చాలామంది ఒప్పుకుంటారు. అసలు తికమకంతా ఈకల దగ్గర, వేడి రక్తం దగ్గర మొదలవుతుంది.

అపోహ: ఈకలు చూసి కట్టిన కథ ఇది. అవి పక్కన పెడితే పక్షికీ డైనోసార్‌కీ పోలికే లేదు

జర్మనీలోని సొల్న్‌హోఫెన్ ప్రాంతపు సున్నపురాయిలో 1861 నుంచి ఆర్కియోప్టెరిక్స్ శిలాజాలు దొరుకుతున్నాయి. వాటి వయసు దాదాపు 15 కోట్ల ఏళ్లు. రెక్కలకు చక్కటి ఈకలు, నోట్లో పళ్లు, వేళ్లకు గోళ్లు, వెనక పొడవాటి ఎముకల తోక. 1951లో ఐష్‌టాట్ దగ్గర ఇదే జంతువు అస్థిపంజరం ఒకటి దొరికింది. కానీ దాన్ని చూసినవాళ్లు కాంప్సోగ్నాథస్ అనే చిన్న మాంసాహార డైనోసార్ అనుకున్నారు. రాతి మీద చాలా మసకగా ఉన్న ఈకల అచ్చులు గమనించేదాకా, అంటే ఇరవై ఏళ్లకు పైగా, అది ఆ పేరుతోనే ఉండిపోయింది. ఈకలు కనబడకపోతే నిపుణులు కూడా డైనోసార్ అనుకునేంత పోలిక ఆ ఎముకల్లోనే ఉందన్నమాట.

ఎదురు వాదన లేకపోలేదు. పక్షికి మెడ కింద రెండు జత్రుకలు, అంటే కాలర్ ఎముకలు, కలిసిపోయి వి ఆకారపు ఎముక ఒకటి ఉంటుంది. డైనోసార్లకు జత్రుకలే లేవని, ఒకసారి పోయిన ఎముక తిరిగి రాదని, కాబట్టి అవి పక్షులకు పూర్వీకులు కాలేవని 1926లో గెర్హార్డ్ హైల్మన్ అనే డెన్మార్క్ పరిశోధకుడు వాదించాడు. ఆ మాట దశాబ్దాల పాటు నిలిచింది. నిజానికి ఆ ఎముక ఉంది. సన్నగా ఉండటం వల్ల ఊడిపోయేది, లేదా పొట్ట దగ్గరి ఎముక అనుకుని పక్కన పెట్టేసేవారు. ఇప్పుడు మాంసాహార డైనోసార్లైన వెలాసిరాప్టర్‌కూ, టి. రెక్స్‌కూ కూడా అది ఉందని తెలుసు.

అపోహ: వెలాసిరాప్టర్ నుంచి పక్షులు పుట్టాయి

కాలం కుదరదు. వెలాసిరాప్టర్ సుమారు 7.5 కోట్ల ఏళ్ల నాటిది, ఆర్కియోప్టెరిక్స్ దానికి రెట్టింపు పాతది. ఇవి ఒకే పూర్వీకుల వంశంలో పుట్టిన దాయాదులు. అలాగే "పక్షి తుంటి డైనోసార్లు" అనే గుంపు పేరు చూసి పక్షులు అందులోంచే వచ్చాయనుకోవద్దు. అవి వచ్చింది రెండో గుంపు, అంటే బల్లి తుంటి డైనోసార్ల నుంచి.

అపోహ: శిలాజాల్లో కనిపించేవి ఈకలు కావు, కుళ్లిన చర్మపు పోగులు

ఇది తేలిగ్గా కొట్టేయాల్సిన మాట కాదు. ఒక దశలో శాస్త్రవేత్తలే సీరియస్‌గా అడిగిన ప్రశ్న ఇది.

1996లో చైనాలోని ల్యావోనింగ్ నుంచి సైనోసారోప్టెరిక్స్ వెలుగులోకి వచ్చింది. సుమారు 12.5 కోట్ల ఏళ్ల నాటి సరస్సు అడుగున, అగ్నిపర్వత బూడిద కలిసిన సన్నటి బురదలో పూడిపోయిన చిన్న మాంసాహార డైనోసార్ అది. రాతి పలక రెండుగా చీలితే, రెండు సగాలూ రెండు వేర్వేరు సంస్థలకు చేరాయి. తల నుంచి తోక కొస దాకా వీపు పొడవునా నల్లటి నూగు. ఎగిరే రెక్కలు లేవు, ఈకకు ఉండే నడిమి కాడ కూడా లేదు, ఉన్నవన్నీ సన్నటి పోగులే.

దీనికి అభ్యంతరం ఏమిటంటే, చర్మం లోపల కొలాజెన్ అనే ప్రొటీన్ నారలుంటాయి. శవం కుళ్లేటప్పుడు అవి విడివడి చెదిరితే చూడటానికి నూగులాగే ఉంటాయి. కంటి చూపుతో ఈ రెంటినీ విడదీయడం కష్టం. అందుకని పోగు లోపల ఏముందో చూడాలి.

ఈకలో నలుపు, గోధుమ, ఎరుపు రంగులిచ్చే మెలనిన్ చిన్న చిన్న గుళికల్లో ఉంటుంది. వాటిని మెలనోసోమ్‌లు అంటారు. పొడవు సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నలుపునిచ్చేవి కాస్త పొడవుగా, ఎర్రటి గోధుమ రంగునిచ్చేవి గుండ్రంగా ఉంటాయి. శిలాజాల్లో ఇలాంటి గుళికలు కనబడుతూనే ఉన్నా, చాలాకాలం వాటిని శవం మీద చేరిన బ్యాక్టీరియా అనే అనుకున్నారు. సైజూ ఆకారమూ దాదాపు అంతే మరి.

బ్రెజిల్‌లో దొరికిన ఒక శిలాజ ఈకతో 2008లో ఈ పేచీకి మంచి పరీక్ష దొరికింది. ఆ ఈక మీద నల్లటి, తెల్లటి పట్టీలున్నాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే నల్ల పట్టీలో గుళికలు కిక్కిరిసి ఉన్నాయి, తెల్ల పట్టీలో ఉత్త రాయే ఉంది. బ్యాక్టీరియా అయితే పట్టీ చూసుకుని తినదు కదా! రెండేళ్ల తర్వాత, 2010లో, సైనోసారోప్టెరిక్స్ పోగుల్లోనూ ఇలాంటివే కనబడ్డాయి, అవీ ఎక్కువగా గుండ్రటివి. చర్మపు కొలాజెన్ నార లోపల రంగు గుళికలు పొదిగి ఉండవు. కాబట్టి ఇది శరీరం బయట మొలిచిన కప్పే. అదే పరిశీలన నుంచి దాని రంగు కూడా తేలింది. ఎర్రటి గోధుమ, తోక మీద ముదురు, లేత పట్టీలు.

అయితే ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. భూమి లోపలి వేడికి, ఒత్తిడికి ఈ గుళికలు కుంచించుకుపోతాయి, దాంతో ఆకారం చూసి చెప్పే రంగు కాస్త అటూ ఇటూ కావచ్చు. ఆహారం ద్వారా వచ్చే పసుపు లాంటి రంగులు మెలనోసోమ్‌లలో ఉండవు కాబట్టి ఈ పద్ధతికి అవి అసలు దొరకవు. పుస్తకాల్లో డైనోసార్లకు వేసే మిలమిల రంగుల్లో చాలావరకు చిత్రకారుడి ఇష్టమే.

మరి ఈకలు నిలవని రాళ్ల సంగతేంటి? మంగోలియా ఇసుకరాయిలో నూగు మిగలదు. కానీ 2007లో అక్కడి వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద వరసగా, సమాన దూరంలో ఆరు చిన్న బుడిపెలు గుర్తించారు. నేటి పక్షుల్లో పెద్ద రెక్క ఈకల మొదళ్లు ఎముకకు కట్టుకుని ఉండే చోట సరిగ్గా ఇలాంటివే ఉంటాయి. బుడిపెలు ఉంటే ఈకలు ఉన్నట్టే. అవి లేకపోతే మాత్రం ఈకలు లేవని చెప్పడానికి లేదు, ఎందుకంటే ఇప్పటి పక్షుల్లోనే చాలావాటికి అవి ఉండవు.

అపోహ: అలాగైతే టి. రెక్స్ ఒళ్లంతా ఈకలే

దాని దగ్గరి బంధువుల్లో యూటిరానస్ అనే తొమ్మిది మీటర్ల జంతువుకు నూగు ఉందని 2012లో తెలిసింది. కానీ టి. రెక్స్ మెడ, తుంటి, తోక దగ్గర దొరికిన చర్మపు అచ్చుల్లో చిన్న పొలుసులే ఉన్నాయి. పెద్ద శరీరానికి వేడి పోవడమే కష్టం, కాబట్టి నూగు తగ్గి ఉండవచ్చు. వీపు మీద కొంత ఉందా లేదా అన్నది ఈ అచ్చులతో తేలదు. బొమ్మల్లో మొత్తం ఈకలతో గానీ, మొత్తం బోడిగా గానీ చూపించేవాళ్లిద్దరూ ఆధారం కంటే ఎక్కువే చెబుతున్నట్టు.

అపోహ: ఎముకలో వార్షిక వలయాలు ఉన్నాయంటే అది చల్లని రక్తపు జంతువే

ఇక నా బల్ల దగ్గరికి వద్దాం. ముందు ఎముకకు అచ్చు తీసి పెట్టుకుంటాం, ఎందుకంటే కోసిన తర్వాత ఆ ఆకారం మళ్లీ రాదు. తొడ ఎముకో, కాలి ఎముకో మధ్య భాగంలో ముక్క తీసి, రెజిన్‌లో ముంచి గట్టిపరచి, వజ్రపు అంచు రంపంతో కోస్తాం. ఆ బిళ్లను గాజు పలకకు అతికించి, వెలుతురు ఇటు నుంచి అటు పోయేంత పలుచగా అరగదీస్తాం. ఇక్కడే కంగారు. ఒక్క నిమిషం ఎక్కువ అరగదీస్తే అంచు, అంటే ఆ జంతువు చివరి ఏళ్ల రికార్డు, పిండై పోతుంది.

మైక్రోస్కోపులో రెండు సంగతులు చూస్తాం. మొదటిది పోగుల అల్లిక. ఎముక నెమ్మదిగా పెరిగితే కొలాజెన్ పోగులు పొరలు పొరలుగా, క్రమంగా ఉంటాయి. వేగంగా పెరిగితే అడ్డదిడ్డంగా ఉంటాయి, వాటి మధ్య రక్తనాళాల దారులు దట్టంగా కనబడతాయి. చాలా డైనోసార్ల ఎముక ఈ రెండో రకం. మొసలిలో సాధారణంగా మొదటి రకమే ఎక్కువ. రెండోది వలయాలు. చెట్టు మానులో లాగా, పెరుగుదల ఆగిన ప్రతి ఏడాదికీ ఒక గీత. డైనోసార్లలో ఈ గీతలున్నాయి కాబట్టి అవి చలికాలంలో పెరగడం ఆపేసే చల్లని రక్తపు జంతువులని చాలాకాలం వాదించారు.

ఆ వాదన 2012లో బలహీనపడింది. ఉష్ణమండలం నుంచి ధ్రువ ప్రాంతాల దాకా అడవిలో బతికే, నెమరువేసే క్షీరదాల ఎముకలు కోసి చూస్తే వాటన్నిట్లోనూ ఇవే గీతలు. అవి నిస్సందేహంగా వేడి రక్తపువి. మేత దొరకని కాలంలో అవీ పెరుగుదల ఆపుతాయి. అంటే గీత ఉండటం వల్ల రక్తం సంగతి ఏమీ తేలదు. తేల్చేది గీతకూ గీతకూ మధ్య ఎంత ఎముక చేరిందన్నది.

టి. రెక్స్‌లో ఈ లెక్క ఎలా చేస్తారో చూడండి. పెద్ద కాలి ఎముకల మధ్య ఖాళీ వయసుతో పాటు పెద్దదవుతూ పాత గీతల్ని మింగేస్తుంది. అందుకే 2004లో పక్కటెముకలు, సన్నటి పిక్క ఎముక లాంటివి వాడి వయసు లెక్కించారు. వేర్వేరు వయసుల జంతువుల బరువు అంచనాలతో కలిపి చూస్తే, యౌవనంలో వేగం పతాకస్థాయిలో ఉన్నప్పుడు రోజుకు సుమారు రెండు కిలోలు పెరిగిందని తేలింది. బరువు అంచనా మారితే ఈ అంకే మారిపోతుంది, దాన్ని రాతి మీద రాత అనుకోవద్దు. కానీ ఎలా లెక్కేసినా మొసలి వేగం కంటే చాలా ఎక్కువ. పైగా ఒక్క ముక్క చూసి తేల్చేయకూడదు. మంచి తిండి, వెచ్చదనం దొరికిన మొసలి ఎముకలో కూడా ఒక్కోసారి అడ్డదిడ్డపు అల్లిక కనబడుతుంది.

అపోహ: నాలుగు గదుల గుండె దొరికింది, ఇంకేం కావాలి?

2000లో థెసెలోసారస్ అనే డైనోసార్ రొమ్ములో శిలాజ గుండె దొరికిందని, అది వేడి రక్తానికి రుజువని పెద్ద వార్త వచ్చింది. 2011లో మళ్లీ స్కాన్ చేసి, రసాయనం చూసి, అది చాలావరకు ఇసుక గట్టిపడిన ముద్ద అని తేల్చారు. ఇంటర్నెట్‌లో మాత్రం మొదటి వార్త ఇంకా తిరుగుతోంది.

అపోహ: డైనోసార్లన్నీ వేడి రక్తపువే (లేదా, ఒక్కటీ కాదు)

2011లో బ్రాకియోసారస్, కామరాసారస్ అనే పొడవు మెడ డైనోసార్ల పళ్ల ఎనామెల్‌లోని ఐసోటోపుల నుంచి, అంటే ఒకే మూలకంలో బరువు వేరుగా ఉండే పరమాణువుల నుంచి, శరీర ఉష్ణోగ్రత లెక్కేస్తే 36 - 38 డిగ్రీల సెల్సియస్ వచ్చింది. నేటి క్షీరదాల్లో చాలావాటిదీ అంతే. అయినా అంత భారీ శరీరం వేడిని దానంతటదే నిలుపుకుంటుంది కాబట్టి, లోపల పొయ్యి ఎంత గట్టిగా మండిందో ఈ ఒక్క అంకె చెప్పలేదు. 2022లో ఎముకలో మిగిలిన రసాయన ఆనవాళ్లు చూసిన మరో అధ్యయనం, పొడవు మెడ డైనోసార్లకూ, టి. రెక్స్ ఉన్న మాంసాహార శాఖకూ జీవక్రియ వేగం ఎక్కువని, స్టెగోసారస్, ట్రైసెరాటాప్స్ లాంటివి ఆ వేగాన్ని తగ్గించుకున్నాయని చెప్పింది. ఆ పద్ధతి ఎంత నమ్మదగిందన్న చర్చ ఇంకా నడుస్తోంది. ట్రైసెరాటాప్స్ ఎముక కోస్తే మాత్రం అది వేగంగానే పెరిగినట్టు కనబడుతుంది. ఈ రెండు సాక్ష్యాలూ ఎక్కడ కలుస్తాయో తేలాలంటే ఒకే జంతువు ఎముక మీద రెండు పరీక్షలూ చేయాలి, అదీ పిల్లదాని నుంచి ముసలిదాని దాకా వరసగా. అన్ని వయసుల అస్థిపంజరాలున్న జాతులు తక్కువ, ఉన్నవాటిని కోయడానికి మ్యూజియంలు అంత సులువుగా ఒప్పుకోవు.