క్లెయిమ్ రిజెక్ట్ లెటర్‌లో ముందు చూడాల్సిన లైన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: మన కష్టం వివరంగా రాస్తే కంపెనీ మనసు మార్చుకుంటుంది.

హాస్పిటల్ ఇన్సూరెన్స్ డెస్క్‌లో నాకు రోజూ ఎదురయ్యేది ఇదే. ఆ మధ్య ఒకబ్బాయి రెండు పేజీల ఉత్తరం రాసుకొచ్చాడు. ఆరేళ్లుగా ప్రీమియం కడుతున్నామని, జ్వరంతో అమ్మ ప్రాణం మీదకొచ్చిందని. చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. కానీ కంపెనీ ఏ పాలసీ షరతు చూపించి కాదందో, ఆ క్లాజు ఊసే అందులో లేదు.

"బాబూ, ముందు వాళ్ల లెటర్ ఇవ్వు" అన్నాను. మూడో పేరాలో ఉంది: Excl04. అంటే కేవలం పరీక్షల కోసమే అడ్మిట్ అయితే డబ్బులివ్వరు. ఈ కోడ్‌లు కంపెనీ ఏదైనా ఒకటే. పాలసీ పుస్తకం తీసి ఆ క్లాజు పూర్తిగా చదివితే, బలమంతా "కేవలం" అన్న మాట మీదే ఉందని తెలుస్తుంది. వైద్యం జరిగిందని చూపిస్తే ఆ క్లాజు నిలబడదు.

మరి ఎందుకు రిజెక్ట్ చేశారు? డిశ్చార్జ్ సమ్మరీలో డ్యూటీ డాక్టర్ అలవాటుగా "జ్వరానికి కారణం తెలుసుకునేందుకు అడ్మిట్" అని రాశారు. ఆ ఒక్క లైనే ముంచింది. మెడికల్ రికార్డ్స్‌లో అప్లికేషన్ పెట్టి కేస్ షీట్ మొత్తం తీయించాం. 103 జ్వరం, ఆగని వాంతులు, మూడు రోజులు సెలైన్, 92 వేల నుంచి 61 వేలకు పడిన ప్లేట్‌లెట్లు అన్నీ నర్సుల చార్టులో ఉన్నాయి. ఇంట్లో ఉంచి ఎందుకు వైద్యం చేయలేకపోయారో డాక్టర్‌గారు నాలుగు లైన్లు రాసిచ్చారు. రెండు పేజీల ఉత్తరం పక్కన పెట్టి, క్లాజు మాటలు, చార్టు పేజీ నంబర్లతో అర పేజీ రాసి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పంపాం. గ్లౌజుల్లాంటివి కోసేసి మిగతాది ఇచ్చారు.

అపోహ: ఏ రిజెక్షన్ మీదైనా పోరాడాల్సిందే.

పాలసీ తీసుకున్న పద్నాలుగో నెలలో హెర్నియా ఆపరేషన్, లెటర్‌లో Excl02, అంటే కొన్ని జబ్బులకు మొదట్లో క్లెయిమ్ ఇవ్వని వెయిటింగ్ కాలం. పాలసీలో హెర్నియాకు అది 24 నెలలు. ఇందులో వాదించడానికేం లేదు. పాత కంపెనీ నుంచి పోర్ట్ అయి వచ్చారా అన్నది మాత్రం చూడండి. అలా వచ్చి ఉంటే పాత బీమా మొత్తం మేరకు అక్కడి నెలలూ లెక్కలోకి వస్తాయి.

అపోహ: లాయర్ లేకుండా పని కాదు.

ఎవరు పుట్టిస్తారో ఈ మాటలు! బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గర ఫీజు లేదు, లాయర్‌ని రానివ్వరు కూడా. 50 లక్షల వరకు క్లెయిమ్‌లు చూస్తారు, మన రెండు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. కాకపోతే ముందు కంపెనీకి రాసి నెల రోజులు ఆగాలి. వాళ్లు మళ్లీ కాదంటే ఏడాదిలోగా వెళ్లాలి. కాబట్టి ఆ రెండో జవాబు వచ్చిన కవరు పారేయకండి.

లెటర్‌లో అసలు క్లాజే లేకపోతే, ఏ క్లాజు కింద కాదన్నారో చెప్పమని మెయిల్ పెట్టండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 సర్క్యులర్ ప్రకారం అది వాళ్లు చెప్పి తీరాలి.