బల్బు వెలగకపోతే తప్పు వైరుదా, పిల్లవాడిదా?

ఒక సెల్లు, ఒక టార్చిలైటు బల్బు, రెండు ముక్కల వైరు. ఆరో తరగతి పిల్లల చేతికి ఇవి ఇచ్చి "వెలిగించండి" అంటే, మొదట అందరూ దాదాపు ఒకే పని చేస్తారు. సెల్లు పైనున్న మొటిమకు ఒక వైరు పెట్టి, దాని రెండో కొసను బల్బు అడుగున ఆనిస్తారు. వెలగదు. ఇంట్లో ఫ్యానుకైనా టీవీకైనా ఒకటే తీగ పోతున్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఒక వైరు చాలనుకోవడంలో వింతేమీ లేదు. ఆ తీగ లోపల రెండు వైర్లున్నాయని వాళ్లకు ఇంకా తెలియదు. కాసేపు తంటాలు పడ్డాక ఎవరో ఒకరు రెండో వైరు తీసి సెల్లు అడుగు నుంచి బల్బు లోహపు పక్క భాగానికి కలుపుతారు. సరిగ్గా అప్పుడు బల్బు వెలగాలి.

వెలగకపోతే జరిగే నష్టం మనకు బయటికి కనిపించదు. ఆ బల్బు ముందే మాడిపోయిందనుకోండి, పిల్లవాడు సరైన ఆలోచన చేసి కూడా అది తప్పని తేల్చుకుంటాడు, మళ్లీ ఒక వైరు దగ్గరికే వెళ్తాడు. కాబట్టి ఈ పాఠానికి ముందుజాగ్రత్త అంటే నాలుగు బల్బులు ఎక్కువ తెచ్చుకోవడం ఒక్కటే కాదు. వెలగని ప్రతిసారీ లోపం వస్తువులో ఉందా, కలిపిన తీరులో ఉందా అని పిల్లలే అర నిమిషంలో తేల్చుకోగలగాలి.

దానికి టీచరు బల్ల మీద ముందురోజే వెలిగించి చూసిన సెట్టు ఒకటి ఉంచాలి. దాని సెల్లు, బల్బు, వైర్లు ఎవరికీ ఇవ్వకూడదు. అనుమానం ఉన్న వస్తువు పట్టుకొచ్చి, ఈ సెట్టులో దాన్ని ఒక్కదాన్నే మార్చి చూడాలి. ఒకసారికి ఒకటే మార్చాలన్నది గట్టిగా చెప్పాలి. బల్బు, సెల్లు రెండూ ఒకేసారి మారిస్తే ఏది పాడైందో తెలియదు.

అనంతపురం జిల్లా పల్లెల్లో తరచూ ఎదురయ్యే సమస్య ఒకటి చెబుతాను. ఇక్కడ బోర్లు ఎక్కువ, మోటార్లు కాలిపోవడం ఎక్కువ, అందుకని ప్రతి మండల కేంద్రంలోనూ మోటార్లు చుట్టే షాపులు ఉంటాయి. అక్కడ మిగిలిన రాగి తీగ ముక్కలు అడిగితే ఊరికే ఇస్తారు. మూడో బెంచీ పిల్లలకు ఆ తీగే వచ్చింది. "సార్, అన్నీ సరిగ్గానే పెట్టినాం, వెలగడం లేదు" అని వచ్చారు. వాళ్ల బల్బు తెచ్చి బల్ల మీద సెట్టులో పెడితే వెలిగింది. సెల్లు మారిస్తే వెలిగింది. తీగ మార్చగానే ఆరిపోయింది. ఎర్రగా మెరిసిపోతున్న రాగి తీగలో కరెంటు పోకపోవడమేమిటని పిల్లలు నోరెళ్లబెట్టారు.

మోటారులో తీగను చుట్ల మీద చుట్లుగా చుడతారు. పక్కపక్క చుట్లు ఒకదానికొకటి తగిలితే కరెంటు అడ్డదారి పట్టకుండా తీగ పొడవునా పల్చటి వార్నిష్ పొర వేసి ఉంటుంది. పొర పారదర్శకం కాబట్టి చూడటానికి వట్టి రాగిలాగే ఉంటుంది. రెండు కొసలనూ బొటనవేలి గోరంత మేర ఉప్పుకాగితంతో చుట్టూ గీరితే లోపలి రాగి లేత రంగులో బయటపడుతుంది. గీరాక వెలిగింది. ప్లాస్టిక్ తొడుగున్న వైరైతే తీయాల్సింది కంటికి కనిపిస్తుంది, ఇక్కడ కనిపించదు. తేడా అంతే.

సెల్లును మాత్రం మీటరుతో చూసి వదిలేయకూడదు. నీరసపడిన సెల్లు కూడా మీటరుకు 1.4 వోల్టులు చూపించగలదు. మీటరు దాని నుంచి కరెంటును దాదాపు ఏమీ తీసుకోదు కాబట్టి అలా చూపిస్తుంది. బల్బు పెట్టగానే సెల్లు లోపలి నిరోధం దగ్గరే వోల్టేజి చాలావరకు ఖర్చయిపోతుంది. ఒక్క క్షణం వెలిగి మందగించి, కాసేపు ఊరకుంచితే మళ్లీ ఒకసారి మెరిసిందంటే ఆ సెల్లు పని అయిపోయినట్టే. మామూలు చౌక సెల్లులో బయటి జింకు డబ్బాయే కరుగుతూ కరెంటు ఇస్తుంది. వాడేసిన సెల్లును ఎండాకాలం సెలవుల్లో బీరువాలో వదిలేస్తే డబ్బా చిల్లి పడి కారుతుంది. తిరిగి బడి తెరిచేసరికి హోల్డరు రేకులు కూడా తినేసి ఉంటాయి. సెలవులకు ముందే సెల్లు తీసి పక్కన పెట్టాలి.

ఇంకో చిక్కు ఉంది, ఇందులో వస్తువులన్నీ బాగానే ఉంటాయి. 2.5 వోల్టుల బల్బులు రెండింటిని ఒకదాని వెనక ఒకటి కలిపి ఒకే సెల్లు పెడితే రెండూ వెలగనట్టే కనిపిస్తాయి. పిల్లలు వలయం తెగిందంటారు. నిజానికి కరెంటు పోతూనే ఉంది. ఒక్కో బల్బు వాటాకు ముప్పావు వోల్టే రావడంతో ఫిలమెంటు వేడెక్కుతుందే గానీ పగటి వెలుతురులో కంటికి కనిపించేంత ఎర్రబడదు. ఒక బల్బు రెండు కొసల మధ్య వైరు ముక్క ఆనించండి, రెండోది వెంటనే వెలుగుతుంది. వెలుగు లేకపోవడం, కరెంటు లేకపోవడం ఒకటి కాదని చూపడానికి నాకు తెలిసి దీనికన్నా మంచి ప్రయోగం లేదు.

అసలు బల్బులే దొరకకపోతే? రాత్రిపూట మోటారు వేయడానికి పొలం పోయే రైతుల చేతుల్లో కూడా ఇప్పుడు ఎల్ఈడీ లైట్లే. పాత ఫిలమెంటు బల్బు కోసం అనంతపురం పాతూరు షాపుల్లో నాలుగైదు చోట్ల అడగాల్సి రావచ్చు. ఎల్ఈడీతో పాఠం చెప్పొచ్చు గానీ రెండు సంగతులు ముందే చెప్పాలి. ఒక్క సెల్లుతో అది వెలగదు. ఎర్రదానికి రెండు వోల్టుల దాకా, తెల్లదానికి మూడు వోల్టుల దాకా కావాలి కాబట్టి రెండు సెల్లులు పెట్టాలి. ఎర్రదానికి 100 ఓమ్‌ల రెసిస్టరు కూడా కలిపితే అది మాడదు. రెండో సంగతి, కరెంటును అది ఒకే దిశలో పోనిస్తుంది. పొడుగు కాలు సెల్లు ప్లస్ వైపు ఉండాలి. ఈ మాట చెప్పకుండా ఇస్తే సరిగ్గా కలిపిన పిల్లల్లో సగం మందికి మళ్లీ చీకటే.

బల్బూ లేదు, ఎల్ఈడీ కూడా లేదంటే దిక్సూచి పట్టుకోండి. తీగలో కరెంటు పోతే పక్కనున్న అయస్కాంతపు ముల్లు కదులుతుందని 1820లో ఓర్‌స్టెడ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త చూపించాడు. మోటారు షాపు తీగ ఇక్కడ బాగా పనికొస్తుంది, ఎందుకంటే పొర ఉన్నందువల్ల చుట్లు తగిలినా పర్వాలేదు. అగ్గిపెట్టె అడుగు భాగంలో దిక్సూచి పెట్టి, ముల్లు ఉన్న దిశలోనే పదిహేను చుట్లు చుట్టి, గీరిన కొసలను సెల్లుకు ఒక్క క్షణం తాకించాలి. ముల్లు గిర్రున తిరుగుతుంది. తాకించి ఉంచితే మాత్రం అది షార్ట్ సర్క్యూటే, తీగ వేడెక్కుతుంది, సెల్లు కూడా పోతుంది. వెలగని ఆ రెండు బల్బుల వలయంలో ఈ చుట్టను కలిపితే ముల్లు అక్కడా పక్కకు జరుగుతుంది. అప్పుడు బల్బులే కరెంటును అదుపులో ఉంచుతాయి కాబట్టి కలిపి ఉంచినా భయం లేదు.

సెల్లు అయిపోయాయని పాత ఫోను బ్యాటరీ మాత్రం తీయకండి. షార్ట్ అయితే అది ఇచ్చే కరెంటు చాలా ఎక్కువ, వైరు కాలి చేతికి అంటుకుంటుంది, బ్యాటరీ ఉబ్బి మండొచ్చు. గోడ ప్లగ్గు మాట చెప్పనక్కరలేదు.

మాడిన బల్బులకు ఎర్ర పెయింటు చుక్క పెట్టి విడిగా దాచండి. రెండో పీరియడులో ఆ చుక్క చెరిపి, గీరని తీగ ముక్కలతోనూ నీరసపడిన సెల్లుతోనూ కలిపి ఒక్కో బెంచీకి ఒక్కో చెడిపోయిన సెట్టు ఇవ్వండి. బల్ల మీద మంచి సెట్టు ఎలాగూ ఉంటుంది. లోపం ఎక్కడుందో కనిపెట్టి, ఏమేం మార్చి చూశారో వరసగా నోటుబుక్కులో రాయమనండి.