పరుగు తర్వాత మూసుకునే తూము

వారానికి 90 కిలోమీటర్లు పరిగెత్తే శాకాహారికి హీమోగ్లోబిన్ బాగానే ఉన్నా, పాత వేగానికే కాళ్లు ఎందుకు బరువెక్కుతాయి? హన్మకొండలో తెల్లవారుజామున భద్రకాళి చెరువు కట్ట మీద పరిగెత్తే ఒకరి ప్రశ్న ఇది. చాలాసార్లు జవాబు ఇనుము నిల్వల్లో దొరుకుతుంది. హీమోగ్లోబిన్ పడిపోయేలోపే ఈ నిల్వలు, అంటే ఫెరిటిన్, కరిగిపోతుంటాయి.

పేగు గోడలోని కణాల నుంచి ఇనుము రక్తంలోకి దిగడానికి ఒకటే దారి ఉంది. దాన్ని చెరువు తూము అనుకోండి. ఆ తూమును మూసేది కాలేయం తయారుచేసే హెప్సిడిన్. గట్టి పరుగు తర్వాత ఒంట్లో వాపు సంకేతాలు పెరుగుతాయి, వాటితోపాటు హెప్సిడిన్ కూడా పెరిగి మూడు నుంచి ఆరు గంటల మధ్య గరిష్ఠానికి చేరుతుంది. అప్పుడు ఎంత పప్పు తిన్నా అందులోని ఇనుములో కొంత పేగు కణాల్లోనే ఆగిపోతుంది. కొన్ని రోజుల్లో ఆ కణాలు రాలిపోతాయి, వాటితో ఇనుమూ పోతుంది. పొద్దున హెప్సిడిన్ సహజంగానే తక్కువ కాబట్టి పరుగు ముగిసిన తొలి అరగంట చాలా విలువైనది.

సరిగ్గా ఆ అరగంటలోనే మనవాళ్లు చాయ్ తాగుతారు! చాయ్‌లోని టానిన్లు ఇనుమును పట్టి ఉంచేస్తాయి. చాయ్‌ని కనీసం గంట వెనక్కి జరపండి. బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందనేది వట్టి నమ్మకం, వంద గ్రాముల్లో ఒక మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు.

60 కిలోల రన్నర్ సంగతి చూద్దాం. ఆరున్నరకు పరుగు ముగిస్తే ఏడులోపు 60 గ్రాముల పొడి పెసర్లతో చేసిన మొలకలు, గుప్పెడు పల్లీలు, ఒక జామకాయ తినాలి. మొలకెత్తితే ఇనుమును అడ్డుకునే ఫైటేట్ కొంత తగ్గుతుంది. జామకాయలోని సి విటమిన్ ఇనుమును పేగు పీల్చుకోగల రూపంలోకి మారుస్తుంది. పాలలోని కాల్షియం కూడా ఇనుముకు అడ్డే కాబట్టి రోజుకు తాగే అర లీటరు పాలను రాత్రికి ఉంచండి. మధ్యాహ్నం రెండు జొన్న రొట్టెలు, 50 గ్రాముల కందిపప్పు, గిన్నెడు పెరుగు, సాయంత్రం 50 గ్రాముల సోయా చంక్స్ చేరితే ప్రొటీన్ 90 గ్రాములకు వస్తుంది. కిలో బరువుకు ఒకటిన్నర గ్రాము అన్నమాట, బరువైన వారాలకు అది సరిపోతుంది. పాలు, పెరుగు పూర్తిగా మానేసినవారికి బి12 మాత్ర తప్పదు.

ఫెరిటిన్ పరీక్ష లాంగ్ రన్ మర్నాడు చేయించకండి. వాపు వల్ల అంకె ఎక్కువగా కనబడి మోసం చేస్తుంది. ఒకటి రెండు రోజులు తేలిగ్గా గడిపాక పొద్దున్నే ఇవ్వండి. మిల్లీలీటరుకు 30 నానోగ్రాముల లోపు వస్తే డాక్టరు దగ్గరకు వెళ్లాలి, నెలసరి వచ్చే ఆడవాళ్లలో ఇది మరీ తరచు. పరీక్ష లేకుండా మాత్రలు మింగకూడదు, ఒంట్లో ఇనుము ఎక్కువైనా ప్రమాదమే. మాత్ర రాసిస్తే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి. ఒక మాత్రే హెప్సిడిన్‌ను దాదాపు రోజంతా పెంచి ఉంచుతుంది, మర్నాటి మాత్రకు తూము సగం మూసే ఉంటుంది.