ముప్పై దాటితే మెటబాలిజం పడిపోతుందనే మాట వెనక వందేళ్ల లెక్క

రెండేళ్ల కిందట మా అమ్మకి జ్వరం వచ్చి పన్నెండు రోజులు మంచం మీదే ఉంది. అప్పటికి ఆమెకి 66 ఏళ్లు. లేచాక బరువు చూస్తే కిలోన్నర తగ్గింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "పోన్లెండి, సన్నబడ్డారు, మంచిదే" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. వారం తర్వాత ఆమె జాకెట్టు వేసుకుంటుంటే చూశాను. అదివరకు చేతిని పట్టి ఉండే జబ్బ దగ్గర రెండు వేళ్ల సందు వచ్చింది, నడుము దగ్గర మాత్రం ఎప్పటిలాగే బిగుతుగా ఉంది. పోయింది కొవ్వు కాదని అప్పుడు అర్థమైంది. "వయసొస్తే కండ పోతుంది, అందుకే మెటబాలిజం తగ్గి లావెక్కుతాం" అని అందరూ అనే మాట ఎక్కడ పుట్టిందో, ఎంత నిజమో వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

ముందు రెండు మాటలు చెప్పాలి. శరీరం బరువులోంచి కొవ్వు తీసేస్తే మిగిలేది లీన్ మాస్. అందులో కండ ఒక్కటే కాదు, కాలేయం, గుండె, మెదడు, ఎముక, నీరు అన్నీ ఉంటాయి. ఇక రాత్రి తిన్న తర్వాత మళ్లీ ఏమీ తినకుండా, పొద్దున్నే కదలకుండా పడుకున్నప్పుడు శరీరం ఖర్చు పెట్టే శక్తిని రోజు మొత్తానికి లెక్కగడితే వచ్చేది విశ్రాంతి ఖర్చు. మనిషి పీల్చే ఆక్సిజన్‌ని, వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచి దీన్ని తేలుస్తారు.

ఈ ఖర్చుకీ వయసుకీ ముడిపెట్టిన ప్రసిద్ధ సూత్రం 1919లో అచ్చయింది. అమెరికాలో కార్నెగీ సంస్థ వారి పోషకాహార ప్రయోగశాలలో జె. ఆర్థర్ హారిస్, ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ 136 మంది మగవాళ్లు, 103 మంది ఆడవాళ్ల కొలతల నుంచి దాన్ని తయారుచేశారు. బరువు, ఎత్తు, వయసు వేస్తే కేలరీలు వస్తాయి. మగవాళ్ల సూత్రంలో ఏడాది వయసు పెరిగితే 6.755 కేలరీలు తీసేయాలి, అంటే పదేళ్లకి దాదాపు 68. ఆస్పత్రుల్లో డైటీషియన్లు వందేళ్ల తర్వాత కూడా ఈ సూత్రాన్ని వాడుతున్నారు. కానీ ఆ మనుషుల్లో ఎక్కువమంది కుర్రవాళ్లు, 60 దాటినవాళ్లు బాగా తక్కువ. పైగా ఒకే మనిషిని ఏళ్ల తరబడి చూడలేదు. పాతికేళ్ల ఒకరిని, యాభై ఏళ్ల ఇంకొకరిని పక్కపక్కన పెట్టి తేడా లెక్కగట్టారు. వయసు ఎందుకు తీసివేతలోకి వచ్చిందో ఆ సూత్రం చెప్పదు.

కారణం దొరకాలంటే కండని కొలవాలి. బతికున్న మనిషిలో అదెలా? ఇక్కడ నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. మన శరీరంలోని పొటాషియంలో కొద్ది భాగం సహజంగానే రేడియోధార్మికం. కొవ్వులో పొటాషియం దాదాపు ఉండదు, కండలో నిండా ఉంటుంది. బయటి కిరణాలు రాకుండా మందపాటి గోడలు కట్టిన గదిలో మనిషిని ఉంచి, అతని ఒంట్లోంచి వచ్చే ఆ కిరణాలు లెక్కపెడితే లీన్ మాస్ అంచనా వస్తుంది. అమెరికాలోని రోచెస్టర్‌లో గిల్బర్ట్ ఫోర్బ్స్ ఈ పని చేశారు. 1970లో రీనా అనే తోటి పరిశోధకుడితో కలిసి ప్రచురించిన పరిశోధనలో, పాతికేళ్ల మగవాడితో పోలిస్తే 65-70 ఏళ్ల మగవాడికి సుమారు 12 కిలోల లీన్ మాస్ తక్కువని, ఆడవాళ్లలో ఆ తేడా 5 కిలోల దాకా ఉందని తేల్చారు. మగవాళ్లకి పదేళ్లకి రెండున్నర కిలోల పైమాటే. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. లీన్ మాస్ కిలోకి ఇంత పొటాషియం అని ఒకటే లెక్క పెట్టుకుంటారు. వయసుతో పోయేది పొటాషియం ఎక్కువుండే కండే కాబట్టి, నష్టం ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

ఆ తర్వాత బాల్టిమోర్‌లో ఏళ్ల తరబడి ఒకే మనుషులను చూస్తూ వచ్చిన అధ్యయనం నుంచి 1977లో జాంకాఫ్, నోరిస్ ఇంకో దారిలో వచ్చారు. కండలో పుట్టి మూత్రంలో రోజూ బయటికి వెళ్లే క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని కండకి కొలమానంగా తీసుకున్నారు. విశ్రాంతి ఖర్చు తగ్గడానికి కండ తగ్గడమే కారణంగా సరిపోతుందని చెప్పారు. 1980లో కనింగ్‌హామ్ పాత హారిస్-బెనెడిక్ట్ అంకెలనే మళ్లీ తీసి, లీన్ మాస్ తెలిస్తే వయసు, ఆడా మగా తేడా దాదాపు అక్కర్లేదన్నారు. ఆయన సూత్రం చిన్నది:

```
500 + 22 × లీన్ మాస్ (కిలోలు)
```

ఆయన కూడా లీన్ మాస్‌ని కొలవలేదు, బరువు, వయసుల నుంచి అంచనా కట్టారు. 1988లో ఆల్బుకర్కీలో జరిగిన సమావేశంలో ఇర్విన్ రోజెన్‌బర్గ్ ఈ కండ తరుగుదలకి సార్కోపీనియా అని పేరు పెట్టారు. గ్రీకులో సార్క్స్ అంటే మాంసం, పీనియా అంటే లేమి.

ఇప్పుడు ఒక మనిషిని తీసుకుని లెక్క వేద్దాం. ముప్పై ఏళ్లప్పుడు 70 కిలోలు, అందులో 54 కిలోలు లీన్ మాస్, 16 కిలోలు కొవ్వు. అరవై వచ్చేసరికి బరువు అదే 70, కానీ లీన్ మాస్ 48, కొవ్వు 22. ప్యాంటు కొలత తప్ప తూకంలో ఏమీ తెలియదు. హారిస్-బెనెడిక్ట్ ప్రకారం ముప్పై ఏళ్లలో విశ్రాంతి ఖర్చు 203 కేలరీలు తగ్గాలి. కనింగ్‌హామ్ ప్రకారం 6 ఇంటూ 22, అంటే 132.

మూడో లెక్క కూడా ఉంది. 1992లో మరీనస్ ఎలియా ఏ అవయవం ఎంత ఖర్చు చేస్తుందో విడివిడిగా పోగుచేశారు. రోజుకి కిలో కండకి 13 కేలరీలు, కిలో కొవ్వుకి 4.5, అలాగే కిలోకి కాలేయానికి 200, మెదడుకి 240, గుండెకీ మూత్రపిండాలకీ చెరో 440. నేను ఈ అంకెలు మొదటిసారి చూసి చాలాసేపు ఆగిపోయాను. నాలుగు కిలోలు కూడా తూగని ఈ అవయవాలు విశ్రాంతి ఖర్చులో సగానికి పైగా తినేస్తాయి. మన మనిషి పోగొట్టుకున్న 6 కిలోలూ కండే అనుకుంటే తగ్గేది 78 కేలరీలు. దాని స్థానంలో వచ్చిన 6 కిలోల కొవ్వు 27 ఖర్చు చేస్తుంది. నికరంగా తగ్గింది 51, అదీ ముప్పై ఏళ్లకి.

ఒకే మనిషికి 203, 132, 51 అని మూడు జవాబులు. కనింగ్‌హామ్ 22కీ ఎలియా 13కీ తేడా ఎందుకంటే, ఇద్దరు కుర్రవాళ్లలో ఒకరికి లీన్ మాస్ ఎక్కువుంటే కండతో పాటు కాలేయం, గుండె కూడా పెద్దవే ఉంటాయి, 22లో అవన్నీ కలిసి ఉన్నాయి. వయసుతో పోయేది ముఖ్యంగా కండ. అలాగని 51 దగ్గర ఆగలేం. అవయవాలు కూడా కొంత చిన్నవవుతాయి. వృద్ధుల్లో అవయవాల లెక్కతో రావాల్సినదానికన్నా కొలిచిన ఖర్చు కొంత తక్కువే ఉంటుంది. అందుకే నేను కనింగ్‌హామ్ అంకె చుట్టుపక్కలే ఉంటుందని నమ్ముతాను. అంటే పదేళ్లకి 40 కేలరీల పైచిలుకు, దాదాపు ఒక చిన్న ఇడ్లీ.

తరచూ వినే "పదేళ్లకి 3 నుంచి 8 శాతం పోతుంది" అనే మాటలోని చిక్కు కూడా ఇదే మనిషితో విడిపోతుంది. 54లో 6 కిలోలు పోతే ముప్పై ఏళ్లకి 11 శాతం, పదేళ్లకి 4 లోపు. అతనికి మొదట్లో కండ 28 కిలోలు ఉందనుకుంటే, అవే 6 కిలోలు 21 శాతం, పదేళ్లకి 7. పోయింది ఒకటే, దేనిలో శాతమన్నదే తేడా. ఆ మాట కండ గురించి చెప్పింది. దాన్ని లీన్ మాస్ మీద పెట్టి, అక్కడి నుంచి నేరుగా మెటబాలిజం అంతే శాతం పడిపోతుందని చెప్పేవాళ్లు చాలామంది. తరుగుదల ఏటేటా సమానంగా కూడా ఉండదు. నడి వయసులో కండ ఏడాదికి అర శాతం లోపు పోతే, 75 దాటాక మగవాళ్లలో ఒక శాతానికి దగ్గరవుతుంది.

2021లో హెర్మన్ పాంట్జర్ బృందం సైన్స్ పత్రికలో 29 దేశాల నుంచి 6,400 మందికి పైగా మనుషుల రోజు మొత్తం శక్తి ఖర్చును చూపించింది. లీన్ మాస్‌నీ కొవ్వునీ లెక్కలోకి తీసుకున్నాక, 20 నుంచి 60 ఏళ్ల దాకా ఆ ఖర్చు మారలేదు. 60 తర్వాతే ఏడాదికి 0.7 శాతం చొప్పున దిగింది. నలభైలో పొట్ట వస్తే మెటబాలిజం మీద నెట్టేయడం కుదరదు. అక్కడ కండ తగ్గినంత మేరకే ఖర్చు తగ్గుతుంది, ఎంతో మనం పైన చూశాం.

మన దగ్గర ఈ సూత్రాలు ఇంకొంచెం జారతాయి. పుణె వైద్యుడు యాజ్నిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటోనే లాన్సెట్‌లో వేశారు. ఇద్దరికీ బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యాజ్నిక్‌కి 21.2 శాతం, యుడ్కిన్‌కి 9.1. అదే బరువుకి మనకి కండ తక్కువ కాబట్టి, బరువు మీద నడిచే పాశ్చాత్య సూత్రాలు మన ఖర్చును ఎక్కువ చూపిస్తాయి. తక్కువ కండతో మొదలైన మనిషికి పోగొట్టుకోడానికి మిగులూ తక్కువే.

జిమ్‌లో మనం ఎక్కి నిలబడే మెషిన్ మీద విశ్రాంతి ఖర్చుగా వచ్చే "బీఎంఆర్" అంకె గురించి కూడా చెప్పాలి. అది మన శ్వాసని కొలవదు. అరికాళ్లనుంచి చిన్న కరెంటు పంపి, దానికి ఒళ్లు ఎంత అడ్డుపడిందో చూసి లీన్ మాస్ ఊహించి, దాన్ని ఇలాంటి సూత్రంలో వేస్తుంది. ఒంట్లో నీరు మారితే అంకె మారుతుంది. కాళ్ల వాపు ఉన్న పెద్దవాళ్లకి లేని కండ ఉన్నట్టు చూపిస్తుంది. రెండు నెలల్లో లీన్ మాస్ రెండు కిలోలు తగ్గిందని అందులో కనిపిస్తే, నమ్మేముందు అదే వేళకి, అదే ఖాళీ కడుపుతో ఇంకోసారి చూడాలి.

మా అమ్మ పన్నెండు రోజుల దగ్గరికి వస్తే, 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీద ఉంచి చూశారు. కాళ్లలోనే దాదాపు కిలో లీన్ మాస్ పోయింది. ఎలియా అంకెతో చూస్తే రోజుకి 13 కేలరీలు, లెక్కలోకి రానంత. పోయిన అసలు సంగతి బలం. వృద్ధుల్లో బలం కండ కన్నా రెండు మూడు రెట్లు వేగంగా తగ్గుతుందని అమెరికాలో ఏళ్లపాటు సాగిన కొలతలు చూపించాయి. అందుకే ఆసియా నిపుణుల బృందం 2019లో పెట్టిన పరీక్షల్లో కేలరీల ఊసే లేదు. చేతులు ఛాతీకి కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోడానికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే అనుమానించాలంటారు. అమ్మకి మొదటిసారి 19 సెకన్లు పట్టింది, నాలుగోసారి లేచేటప్పుడు చెయ్యి కుర్చీ మీదకి వెళ్లబోయింది. వంటింటి గట్టు పట్టుకుని రోజూ కూర్చుని లేవడం మొదలుపెట్టి, గుడ్డు, పప్పు, పెరుగు పెంచి ఐదు నెలలకి 13కి వచ్చింది. తూకంలో కిలో పెరిగింది, జాకెట్టు చేతి దగ్గర మళ్లీ పట్టింది.