బాగా అమ్ముడుపోయే ప్యానెల్‌ను ఆపివేస్తూ రాసే ఉత్తరం: అపోహలు - వాస్తవాలు

చర్లపల్లిలోని మా చిన్న యూనిట్‌లో బోరు మోటార్లకు సింగిల్ ఫేజ్ స్టార్టర్ ప్యానెళ్లు తయారు చేస్తాము. వాటిలో ఎక్కువగా అమ్ముడుపోయే ఒకటిన్నర హెచ్‌పీ ప్యానెల్‌ను ఆపివేస్తున్నట్లు డీలర్లకు రాయవలసి వచ్చినప్పుడు ఈ అపోహలన్నీ మాకు ఎదురయ్యాయి. ఒకటి రెండు మావే.

అపోహ: అమ్ముడుపోతున్న సరుకును ఆపారంటే యూనిట్ మూతపడుతున్నట్లే.

వాస్తవం: బోరులో నీరు తగ్గినప్పుడు మోటారును ఆపే బోర్డులోని చిప్‌ను దాని తయారీదారు నిలిపివేశాడు. ఉత్తరం మొదటి ప్రతిలో మేము 'అనివార్య కారణాల వల్ల' అని రాశాము. అది అందిన రోజే రాణీగంజ్ డీలర్ ఒకరు ఫోన్ చేసి, "ఏమండీ, యూనిట్ అమ్మేస్తున్నారా?" అని అడిగారు. రెండో ప్రతిలో చిప్ సంగతి ఒక్క వాక్యంలో చెప్పాక అటువంటి ఫోన్లు ఆగిపోయాయి.

అపోహ: ఉన్న సరుకు అమ్ముడుపోయాక చెబితే చాలు.

వాస్తవం: చిప్ తయారీదారులు సాధారణంగా ప్రకటన నాటి నుంచి చివరి ఆర్డరుకు 6 నెలలు, చివరి సరఫరాకు 12 నెలలు గడువిస్తారు. మన ఉత్తరం ఆ 6 నెలల్లోనే, అదీ మొదట్లోనే వెళ్లాలి. ఎందుకంటే ఎన్ని చిప్‌లు కొనాలో తేలేది డీలర్ల జవాబులతోనే. మేము నెలకు సుమారు 120 ప్యానెళ్లు అమ్ముతాము. ఆరు నెలల అమ్మకానికి 720, మరమ్మతులకు 80 కలిపి 800 చిప్‌లని లెక్క వేసుకున్నాము. ఉత్తరం అందగానే ఇద్దరు డీలర్లు అలవాటుకు రెట్టింపు ఆర్డరు పెట్టారు. ఆ కంగారునే నిజమైన గిరాకీగా నమ్మి చిప్‌లు కొని ఉంటే అవి మా దగ్గరే మిగిలిపోయేవి. అందుకే ఒక్కొక్కరికి గత 12 నెలల కొనుగోలు సగటు మేరకే సరఫరా చేస్తామని, అంతకు మించి కావాలంటే ముందుగా సొమ్ము చెల్లించాలని, ఆ సరుకు వాపసు తీసుకోబోమని రాశాము. చివరి ఆర్డరు తేదీ, చివరి సరఫరా తేదీ విడివిడిగా ఇవ్వాలి. ఒకే తేదీ ఇస్తే తగాదా తప్పదు.

అపోహ: తయారీ ఆగితే వారంటీ కూడా ఆగుతుంది.

వాస్తవం: ఆగదు. చివరి రోజున అమ్మిన ప్యానెల్‌కు కూడా బిల్లు తేదీ నుంచి ఏడాది వారంటీ ఇస్తాము. కెపాసిటర్లు బజారులో దొరుకుతాయి, బోర్డు మాత్రం మా దగ్గరే దొరుకుతుంది కనుక ఆ 80 చిప్‌లను అమ్మకానికి ముట్టుకోము.

అపోహ: కొత్త మోడల్‌ను పాతదాని స్థానంలో బిగిస్తే సరిపోతుంది.

వాస్తవం: కొత్త పెట్టె వెనుక రంధ్రాల మధ్య దూరం 2 సెంటీమీటర్లు ఎక్కువ. అది డ్రిల్లు పట్టుకున్న ఎలక్ట్రీషియన్‌కు పెద్ద పని కాదు. ప్రమాదమంతా టెర్మినళ్ల వరుసలో ఉంది. పాతదానిలో ఎడమ నుంచి స్టార్ట్, రన్, కామన్ ఉండేవి. కొత్తదానిలో కామన్ ముందుకు వచ్చింది. చేతి అలవాటుతో వైర్లు బిగిస్తే మోటారు తిరగకుండా మూలుగుతుంది, కాసేపటికి ఓవర్‌లోడ్ పడిపోతుంది, బోర్డు పోయిందని ప్యానెల్ వెనక్కి వస్తుంది. ఉత్తరం వెనుక వైపు రెండు టెర్మినల్ పట్టీల బొమ్మలు పక్కపక్కన వేసి, పేర్లు తెలుగులో రాయించాము. అదే కాగితాన్ని కొత్త పెట్టె మూత లోపల కూడా అంటిస్తున్నాము.